12 ఆవుల పైలట్ నుంచి 130 ఆవుల ప్రయోగం దాకా: వేరియెన్స్ అంచనా, శాంపిల్ సైజు లెక్క

చిత్తూరు జిల్లా పాడి రైతుల దగ్గర ఒక ప్రయోగం చేయాలనుకుందాం. బంగారుపాళ్యం, పలమనేరు, పూతలపట్టు వైపు ఊళ్లలో జెర్సీ సంకర ఆవులకు రోజుకు 50 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం తినిపిస్తే పాలు పెరుగుతాయా అన్నది ప్రశ్న. ఆవుల్ని చీటీ వేసినట్టు రెండు గుంపులుగా విడగొడతాం. ఒక గుంపుకు మిశ్రమం ఇస్తాం, ఇంకో గుంపుకు ఇవ్వం. ఆరు వారాలు గడిచాక ఏడో వారంలో ఒక్కో ఆవు రోజుకు సగటున ఎన్ని లీటర్లు ఇచ్చిందో కొలిచి పోలుస్తాం.

గుంపుకు ఎన్ని ఆవులు కావాలో తేల్చడానికి నాలుగు సంగతులు తెలియాలి. పట్టుకోవాలనుకునే కనీస తేడా ఒకటి, ఒప్పుకునే పొరపాటు శాతం, అంటే తేడా లేకపోయినా ఉందని తేల్చే అవకాశం ఒకటి, కావలసిన పవర్, అంటే తేడా నిజంగా ఉంటే దాన్ని పట్టుకునే అవకాశం ఒకటి. ఈ మూడూ మనం కూర్చుని నిర్ణయించుకునేవి. నాలుగోది వేరియెన్స్, అంటే ఆవుకూ ఆవుకూ మధ్య పాలు ఎంత చెదిరి ఉంటాయన్న కొలత, పాఠ్యపుస్తకాల మాటల్లో విస్తృతి. దీన్ని ఎవరూ నిర్ణయించలేరు, ఆవుల్ని కొలిస్తేనే తెలుస్తుంది. అసలు ప్రయోగానికి ముందు చిన్నగా చేసే పైలట్ స్టడీ అవసరం అందుకే. అయితే పైలట్ ఇచ్చే వేరియెన్స్ కూడా ఒక అంచనా మాత్రమే, చిన్న పైలట్‌లో అది చాలా వదులైన అంచనా. ఈ ఒక్క సంగతి పట్టించుకోకపోవడం వల్లే ఎన్నో ప్రయోగాలు చివరికి ఏమీ తేల్చలేక ఆగిపోతాయి. కింద వాడిన పాల అంకెలు లెక్క చూపడానికి తీసుకున్నవి, పద్ధతి మాత్రం మీ అంకెలకు యథాతథంగా పనికొస్తుంది.

మొదటి మెట్టు: ఏ తేడా కావాలో పైలట్‌కు ముందే రాసుకోండి

కనీస తేడా రైతు లెక్క నుంచి రావాలి. మిశ్రమం కిలో 120 రూపాయలు అనుకుంటే 50 గ్రాములకు రోజుకు 6 రూపాయలు. పాలు లీటరు 35 రూపాయలు అనుకుంటే దాదాపు 170 మిల్లీలీటర్లు పెరిగితే ఖర్చు తిరిగొస్తుంది. కానీ ఖర్చు మాత్రం తిరిగొచ్చే పనికి ఏ రైతూ రోజూ డబ్బా తెరిచి కొలిచి దాణాలో కలపడు. ఊళ్లో పది మందిని అడిగి, పశువైద్యుడితో మాట్లాడి, "ముప్పావు లీటరు పెరిగితే తప్పకుండా వాడతాం" అన్న మాట దగ్గర నిలిచామనుకుందాం. అప్పుడు కనీస తేడా 0.75 లీటర్లు.

దీన్ని పైలట్‌కు ముందే కాగితం మీద పెట్టమనడానికి కారణం ఉంది. పైలట్‌లో రెండు గుంపులు పెట్టి, "తేడా 1.4 లీటర్లు వచ్చింది, దానికే లెక్క వేద్దాం" అనేవాళ్లు చాలామంది. పది, పన్నెండు ఆవుల్లో కనిపించిన తేడా ఎటైనా ఊగుతుంది. పైగా పెద్ద తేడా కనిపించిన పైలట్లే ముందుకు సాగుతాయి, చిన్న తేడా వచ్చినవి అక్కడే ఆగిపోతాయి. అలా వడపోసిన తేడాతో వేసిన శాంపిల్ సైజు సాధారణంగా తక్కువగానే వస్తుంది. పైలట్ నుంచి వేరియెన్స్ తీసుకోండి, తేడా తీసుకోకండి.

పొరపాటు శాతం 5, రెండు వైపులా చూసే పరీక్ష, పవర్ 80 శాతం పెట్టుకుందాం. ఈ అంకెలకు గుంపుకు కావలసిన ఆవులు ఇలా వస్తాయి:

n = 2 × (1.96 + 0.84)² × s² / d²

ఇక్కడ s² వేరియెన్స్, d కనీస తేడా. ముందున్న గుణకం సుమారు 15.7. నిజమైన పరీక్ష t పంపిణీతో జరుగుతుంది కాబట్టి వచ్చిన జవాబుకు ఇంకొక ఆవు కలపాలి. తేడా వర్గం కింద ఉంది కాబట్టి 0.75 బదులు 0.5 లీటర్లు పట్టుకోవాలంటే ఆవులు 2.25 రెట్లు కావాలి.

రెండో మెట్టు: పైలట్ కొలత, అసలు కొలత ఒక్కటే కావాలి

వేరియెన్స్‌ను చెడగొట్టేది ఎక్కువసార్లు గణితం కాదు, కొలత. పాల కేంద్రంలో ఇచ్చే చీటీ చూసి అంకె రాసుకోవడం సులువే. కానీ ఆ చీటీలో ఇంటికి ఉంచుకున్న పాలు ఉండవు, దూడ తాగినవి ఉండవు, పక్కింటికి వాడుకగా పోసినవి ఉండవు. ఒక ఇంట్లో పిల్లలు ముగ్గురుంటే లీటరు పాలు కేంద్రానికే రావు. అలా చూస్తే ఆవుల మధ్య తేడాతో పాటు ఇళ్ల మధ్య తేడా కూడా వేరియెన్స్‌లో చేరి అది ఉబ్బిపోతుంది.

అందుకని పాలు పితికిన చోటే కొలవాలి. ఖాళీ బకెట్ బరువు ముందే చూసి, వేలాడదీసే డిజిటల్ కాటాతో పాలతో సహా తూచి, బకెట్ బరువు తీసేయాలి. వచ్చిన కిలోల్ని 1.03తో భాగిస్తే లీటర్లు వస్తాయి. పొద్దున పూట, సాయంత్రం పూట రెండూ కొలవాలి. దూడకు ఒక చన్ను వదిలే అలవాటుంటే అన్ని ఇళ్లలో ఒకే పద్ధతి పాటించేలా ముందే మాట్లాడుకోవాలి. పైలట్‌లో అర లీటరు గీతలున్న పాత్రతో కొలిచి, అసలు ప్రయోగంలో కాటా వాడితే మీ దగ్గరున్న వేరియెన్స్ వేరే కొలతకు సంబంధించినది అవుతుంది.

ఎన్ని రోజులు కొలవాలన్నది కూడా ఇక్కడే తేలాలి. వేరియెన్స్‌లో రెండు ముక్కలున్నాయి. ఒకటి ఆవుకూ ఆవుకూ మధ్య ఉన్న అసలు తేడా, రెండోది ఒకే ఆవులో రోజుకూ రోజుకూ వచ్చే హెచ్చుతగ్గు. ఆవుల మధ్య ముక్క 2.13, రోజుల మధ్య ముక్క 0.80 అనుకుంటే, ఒక్క రోజే కొలిస్తే మొత్తం 2.93. ఏడు రోజుల సగటు తీస్తే రెండో ముక్క ఏడో వంతు అవుతుంది కాబట్టి మొత్తం 2.24కు దిగుతుంది. పద్నాలుగు రోజులు కొలిచినా 2.19 కంటే పెద్దగా తగ్గదు. వరుస రోజులు ఒకదాన్నొకటి పోలి ఉంటాయి కాబట్టి నిజంగా దక్కే లాభం ఇంకాస్త తక్కువే. వారం దాటాక కొలత రోజులు పెంచే ఖర్చుతో ఇంకో ఆవును చేర్చుకోవడం మేలు.

ఇదే చోట జరిగే పెద్ద తప్పు ఇంకొకటి ఉంది. 12 ఆవుల్ని ఏడు రోజులు కొలిస్తే ఎక్సెల్‌లో 84 వరుసలు ఉంటాయి. ఆ 84ను 84 స్వతంత్ర అంకెలుగా పట్టుకుని వేరియెన్స్ తీస్తే మన అంచనా చాలా గట్టిదన్న భ్రమ కలుగుతుంది. ఆవులు 12 మాత్రమే. ఒక్కో ఆవుకు ఒక్క సగటు, 12 వరుసలు, అంతే. మీ ఫైలులో వరుసల సంఖ్య చీటీ వేసి పంచిన ఆవుల సంఖ్యకు సరిపోకపోతే అక్కడే ఆగండి.

మూడో మెట్టు: పైలట్ ఆవులు ఎవరివి, ఎన్ని

తిరుపతిలో పశువైద్య విశ్వవిద్యాలయం ఉంది, అక్కడి ఫారం ఆవులతో పైలట్ చేస్తే పని తేలిక కదా అని ఎవరికైనా తోస్తుంది. కానీ ఏ ఫారంలోనైనా ఒకే దాణా, ఒకే వేళ, ఒకే రకం సంరక్షణ. అక్కడి వేరియెన్స్ ఊళ్లలోని వేరియెన్స్ కంటే బాగా చిన్నగా వచ్చే అవకాశం ఎక్కువ. ఊళ్లో ఒక ఇంట్లో సూపర్ నేపియర్ గడ్డి, ఇంకో ఇంట్లో వేరుశనగ కట్టె, ఒకరు చెక్క పెడతారు, ఒకరు తవుడుతో సరిపెడతారు. అసలు ప్రయోగం ఏ ఆవుల మీదో పైలట్ కూడా ఆ ఆవుల మీదే జరగాలి. ఊళ్లు రెండు మూడు ఉండాలి, ఇంటికి ఒక ఆవే తీసుకోవాలి, ఈనిన తర్వాత ఎన్నో నెల అన్న హద్దు రెండు చోట్లా ఒకటే ఉండాలి. రెండో నెల నుంచి అయిదో నెల దాకా అని పెట్టుకుంటే పైలట్‌లోనూ అదే.

కాలం కూడా చూడాలి. మన వైపు ఈశాన్య రుతుపవనాల వానలు పడ్డాక పచ్చిగడ్డి ఉంటుంది, ఎండాకాలంలో కొందరికే నీళ్లుంటాయి. బోరు ఉన్న ఇంటికీ లేని ఇంటికీ తేడా ఏప్రిల్, మే నెలల్లో బాగా తేలుతుంది. డిసెంబరులో పైలట్ చేసి ఎండాకాలంలో అసలు ప్రయోగం చేస్తే చెదురు పెరిగిపోవడం సహజం.

ఎన్ని ఆవులు అన్నదానికి ఒక జవాబు అందరికీ సరిపోదు. గుంపుకు 12 అన్న సలహా 2005లో గణాంక శాస్త్రవేత్త జూలియస్ ఇచ్చాడు, వైద్య పరిశోధనల్లో అది బాగా వాడుకలో ఉంది. ఇక్కడ పట్టిక కళ్ల ముందు ఉండాలని మొత్తం 12 ఆవులే తీసుకుంటున్నాను. వీటికి మిశ్రమం ఇవ్వడం లేదు. మొదటి వారం సగటు, ఆరు వారాల తర్వాత ఏడో వారం సగటు, రెండూ కొలిచాం. రెండు గుంపులతో పైలట్ చేస్తే ఒక్కో ఆవు అంకె నుంచి దాని గుంపు సగటునే తీసి, వర్గాల మొత్తాన్ని (ఆవులు − 2)తో భాగించాలి. గుంపులు కలిపేసి ఒకే సగటు తీస్తే మిశ్రమం వల్ల వచ్చిన తేడా కూడా వేరియెన్స్‌లో దూరుతుంది.

నాలుగో మెట్టు: వేరియెన్స్ తీయడం

రోజుకు లీటర్లలో ఏడో వారం సగటు (y), మొదటి వారం సగటు (base):

```
ఆవు  base   y
1    7.7    6.2
2    7.9    8.5
3    8.8    7.1
4    9.9    9.8
5    6.0    5.6
6    9.6    7.9
7    8.0    8.8
8    6.8    6.7
9    10.2   10.4
10   9.3    7.4
11   7.9    6.0
12   7.5    8.0
```

ముందు ఏడో వారం అంకెల్నే చూద్దాం. సగటు 7.7. ప్రతి అంకె నుంచి 7.7 తీసి, వర్గం చేసి కూడితే 24.68. దాన్ని 11తో భాగిస్తే వేరియెన్స్ 2.24, స్టాండర్డ్ డీవియేషన్ దాదాపు 1.50 లీటర్లు. ఎక్సెల్‌లో `=VAR.S(...)` ఇదే ఇస్తుంది. `VAR.P` వాడితే 12తో భాగిస్తుంది, అంచనా ఇంకా చిన్నదవుతుంది, అది మనకు వద్దు.

ఈ 2.24ను సూత్రంలో పెడితే 62.6, ఇంకొకటి కలిపి పైకి సవరిస్తే గుంపుకు 64 ఆవులు. చాలా ప్రతిపాదనలు ఇక్కడితో ముగుస్తాయి. అసలు పని ఇక్కడే మొదలు కావాలి.

తొమ్మిదో ఆవును చూడండి, 10.4 లీటర్లు. "ఇది మిగతావాటితో కలవడం లేదు, తీసేద్దాం" అన్న మాట ఎవరో ఒకరు అంటారు. తీసేస్తే వేరియెన్స్ 1.67కు పడిపోతుంది, గుంపుకు 48 ఆవులు చాలంటుంది లెక్క. ఒక్క ఆవుతో 16 తగ్గాయి. కానీ అసలు ప్రయోగంలోనూ అలాంటి మంచి పాలావు ఉన్న రైతు వస్తాడు, అప్పుడు వద్దనలేం. రోజుకు ఇన్ని లీటర్లు దాటిన ఆవు అర్హం కాదని అసలు ప్రయోగపు నియమాల్లో రాసి ఉంటేనే పైలట్‌లోనూ దాన్ని వదలాలి. తూకం తప్పు రాసినట్టు తేలితే సరిచేయాలి. ఈ రెండూ కాకపోతే ఆ ఆవు ఉండాల్సిందే.

అయిదో మెట్టు: ఆ అంచనా ఎంత వదులో లెక్కలో చేర్చడం

12 ఆవులతో వచ్చిన 2.24కు 95 శాతం విశ్వాస అవధి, అంటే అసలు వేరియెన్స్ ఉండదగిన హద్దులు వేస్తే కింద 1.13, పైన 6.47. ఈ రెంటినీ సూత్రంలో పెట్టి చూస్తే గుంపుకు 33 ఆవులు చాలవచ్చు, లేదా 182 కావచ్చు. 64 అన్నది ఈ రెంటి మధ్య ఎక్కడో ఉన్న ఒక అంకె.

ఇంకో చిక్కు ఏమిటంటే, వేరియెన్స్ అంచనాల పంపిణీ కుడి వైపు సాగి ఉంటుంది. దీర్ఘకాలపు సగటు సరిగ్గానే ఉన్నా, ఒక్కో పైలట్‌ను విడిగా చూస్తే సగం కంటే ఎక్కువసార్లు అసలు వేరియెన్స్ కంటే తక్కువే చూపిస్తుంది. 12 ఆవుల పైలట్‌కు అది నూటికి సుమారు 56 సార్లు. అంటే పైలట్ అంకెను ఉన్నదున్నట్టు వాడితే, అనుకున్న పవర్ దక్కని వైపే మొగ్గు ఉంటుంది.

దీనికి 1995లో బ్రౌన్ సూచించిన మార్గం సరళంగా ఉంటుంది. వేరియెన్స్ అంచనా బదులు దాని ఏకపక్ష పై హద్దు, ఉదాహరణకు 80 శాతపు పై హద్దు వాడండి. అప్పుడు ప్రణాళికలో వాడిన వేరియెన్స్ అసలు దానికంటే తక్కువ కాకుండా ఉండే అవకాశం నూటికి 80. వర్గాల మొత్తాన్ని కై-స్క్వేర్ పంపిణీలో కింది నుంచి 20 శాతం దగ్గరి విలువతో భాగిస్తే ఆ హద్దు వస్తుంది. స్వాతంత్ర్య పరిమితులు ఇక్కడ ఆవుల సంఖ్య కంటే ఒకటి తక్కువ, అంటే 11; వాటికి ఆ విలువ 6.989, ఎక్సెల్‌లో `=CHISQ.INV(0.2,11)`. 24.68ని 6.989తో భాగిస్తే 3.53. స్టాండర్డ్ డీవియేషన్ 1.88. గుంపుకు 100 ఆవులు.

ఇక్కడ వేలు జారే చోటు ఒకటుంది. `CHISQ.INV.RT` అని కొడితే 14.631 వస్తుంది, భాగిస్తే 1.69. పై హద్దు బదులు కింది హద్దు చేతికొచ్చింది. గుర్తుపట్టడం తేలికే: పై హద్దు ఎప్పుడూ పైలట్ వేరియెన్స్ కంటే పెద్దగా ఉండాలి. చిన్నగా వస్తే తోక తప్పు పట్టుకున్నట్టే.

64 బదులు 100 అనగానే గుండె గుభేల్‌మంటుంది, నిజమే. కానీ అసలు స్టాండర్డ్ డీవియేషన్ 1.88 అయి ఉండి, మనం 64తో ముందుకెళ్తే మనకు మిగిలే పవర్ 61 శాతమే. నిజంగా ముప్పావు లీటరు పెరిగినా పదింట నాలుగుసార్లు "తేడా తేలలేదు" అనే జవాబు వస్తుంది. ఆరు వారాలు ఆగి, రైతుల ఇళ్ల చుట్టూ రెండు పూటలా తిరిగి ఆ జవాబు తెచ్చుకోవడం కంటే ముందే నిజం తెలుసుకోవడం మంచిది.

ఆరో మెట్టు: మొదటి వారం కొలతతో ఆవుల సంఖ్య తగ్గించుకోవడం

100ను తగ్గించుకోవడానికి నిజాయితీ అయిన దారి ఒకటుంది. పాలు ఎక్కువిచ్చే ఆవు ఆరు వారాల తర్వాతా ఎక్కువే ఇస్తుంది. పట్టికలో base, y మధ్య సహసంబంధం 0.72. అసలు ప్రయోగం చివర పోల్చేటప్పుడు మొదటి వారం పాలను రిగ్రెషన్‌లో చేర్చితే, అంటే ఆంకోవా పద్ధతి వాడితే, ఆవుల మధ్య తేడాలో సగం ముందే వివరించబడుతుంది. అప్పుడు మనకు కావలసిన వేరియెన్స్ మొత్తం వేరియెన్స్ కాదు, రిగ్రెషన్ తర్వాత మిగిలినది.

చాలామంది ఇక్కడ (1 − r²)తో గుణించి ఊరుకుంటారు. 12 ఆవుల నుంచి వచ్చిన r కూడా వదులైన అంచనాయే కాబట్టి అది సరిపోదు. మిగిలిన వేరియెన్స్‌నే నేరుగా తీసి, దానికి పై హద్దు వేస్తే రెండు అనిశ్చితులూ ఒకేసారి లెక్కలోకి వస్తాయి. రిగ్రెషన్ తర్వాత మిగిలిన వర్గాల మొత్తం 11.94. వాలు అంచనాకు ఒక స్వాతంత్ర్య పరిమితి పోతుంది కాబట్టి ఇప్పుడు 10. 10కి కై-స్క్వేర్ విలువ 6.179. భాగిస్తే 1.93, స్టాండర్డ్ డీవియేషన్ 1.39. R లో ఇంతే:

```r
p <- read.csv("pilot.csv")
m <- lm(y ~ base, data = p)
s_up <- sqrt(sum(resid(m)^2) /
             qchisq(0.20, m$df.residual))
power.t.test(delta = 0.75, sd = s_up, power = 0.80)
```

జవాబు 54.9 దగ్గర వస్తుంది, గుంపుకు 55 ఆవులు. పై హద్దు పెట్టుకున్నా కూడా, ఏ జాగ్రత్తా లేని 64 కంటే ఇది తక్కువ. ఒక్క వారం అదనపు కొలతతో దక్కిన లాభం ఇది. అయితే అసలు ప్రయోగం చివర ఆంకోవా చేస్తామని ముందే ప్రణాళికలో రాయాలి. 55తో మొదలుపెట్టి చివర మామూలు t పరీక్ష చేస్తే ఈ లెక్క చెల్లదు.

పైలట్ పెద్దదైతే ఎంత మిగులుతుందో కూడా చూడవచ్చు. ఇదే మిగులు వేరియెన్స్ 24 ఆవుల నుంచి వచ్చి ఉంటే స్వాతంత్ర్య పరిమితులు 22, అప్పుడు గుంపుకు 46 చాలు. పైలట్‌లో 12 ఆవులు ఎక్కువ కొలిచి అసలు ప్రయోగంలో 18 తగ్గించుకున్నట్టు. అదే పైలట్ 6 ఆవులతో చేస్తే, రిగ్రెషన్ మాట అటుంచి మామూలు వేరియెన్స్‌కే పై హద్దు రెండు రెట్లు దాటిపోతుంది. అంత చిన్న పైలట్ కొలత పద్ధతి నేర్చుకోవడానికి పనికొస్తుంది గానీ వేరియెన్స్ చెప్పడానికి కాదు.

ఏడో మెట్టు: మధ్యలో వెళ్లిపోయే ఆవులు, ఊరి ప్రకారం పంచితే

ఏడు వారాల్లో కొన్ని ఆవుల్ని సంతకు తోలేస్తారు, కొన్నిటికి పొదుగు వాపు వస్తుంది, కొన్ని చోట్ల కొలతకు వెళ్లిన పూట ఇంట్లో ఎవరూ ఉండరు. 15 శాతం పోతాయనుకుంటే 55ను 0.85తో భాగించాలి. 64.7, అంటే 65. 55కు 15 శాతం కలిపితే 64 దగ్గర ఆగుతుంది. కలిపే అలవాటు వల్ల వచ్చే లోటు శాతం పెరిగే కొద్దీ పెద్దదవుతుంది. కాబట్టి రెండు గుంపులకు మొత్తం 130 ఆవులు, 130 ఇళ్లు.

ఈ లెక్క ఆవు ఆవుకూ చీటీ వేసినప్పుడే చెల్లుతుంది. ఒకే ఇంట్లో రెండు ఆవులుండి ఒకదానికి మిశ్రమం ఇస్తే ఇల్లాలు రెండోదానికీ చారెడు వేస్తుంది, అది మనసున్న మనిషి చేసే పని. ఇంటికి ఒక ఆవు అన్నది ఇందుకు కూడా. ఇంకా జాగ్రత్తగా, ఊరంతటికీ ఒకే రకం ఇచ్చి ఊళ్ల మీద చీటీ వేస్తే ఆవుల సంఖ్య 1 + (m − 1) × ICC రెట్లు కావాలి. m అంటే ఊరికి ఎన్ని ఆవులు, ICC అంటే ఒకే ఊరి ఆవులు ఒకదానినొకటి ఎంత పోలి ఉంటాయన్న కొలత. ఊరికి 10 ఆవులు, ICC 0.05 అయితే 1.45 రెట్లు. అయితే ఈ ICCని రెండు మూడు ఊళ్ల పైలట్ నుంచి తీయాలని చూడకండి. ఊళ్ల మధ్య వేరియెన్స్‌కు స్వాతంత్ర్య పరిమితులు ఊళ్ల సంఖ్యను బట్టి ఉంటాయి, రెండు ఊళ్లతో అది ఒక్కటే. ఇలాంటి అధ్యయనాల్లో ఇప్పటికే వచ్చిన ICCలు కొన్ని చూసి, వాటిలో పెద్దదాన్ని పెట్టుకోవడమే నయం.

ఎనిమిదో మెట్టు: మధ్యలో ఒకసారి చూసుకోవడం

పైలట్ తప్పు చెప్పిందేమో అన్న భయానికి మందు అసలు ప్రయోగంలోనే ఉంది. మొదటి భాగంలో వచ్చిన వేరియెన్స్‌తో మిగతా శాంపిల్ సైజు తేల్చే ఆలోచన స్టైన్ 1945లోనే ఇచ్చాడు. అంతర్గత పైలట్ అన్న పేరుతో 1990లో విట్స్, బ్రిటన్ దీన్ని వైద్య ప్రయోగాలకు అనువుగా మలిచారు.

మన ప్రయోగంలో అది ఇలా ఉంటుంది. 60 ఆవుల ఏడో వారం కొలత పూర్తయ్యాక, ఏ ఆవు ఏ గుంపో తెరవకుండానే, అన్నిటినీ కలిపి base మీద రిగ్రెషన్ చేసి మిగిలిన వేరియెన్స్ చూడాలి. గుంపులు కలిసి ఉన్నాయి కాబట్టి మిశ్రమం నిజంగా ముప్పావు లీటరు పెంచితే ఈ వేరియెన్స్ d²/4, అంటే సుమారు 0.14 మేర ఎక్కువ కనిపిస్తుంది. అది చిన్న ఎక్కువే, జాగ్రత్త వైపు ఉన్న ఎక్కువ. ఈ అంకె ప్రణాళికలో పెట్టుకున్న 1.93 కంటే పెద్దగా వస్తే మిగతా ఆవుల సంఖ్య పెంచాలి. చిన్నగా వస్తే 130 దగ్గరే ఉండండి, తగ్గించకండి. మిశ్రమం కొన్ని ఆవుల్లో బాగా పనిచేసి కొన్నిటిలో అసలు పనిచేయకపోతే ఆ గుంపులో చెదురు పెరుగుతుంది. మిశ్రమం ఇవ్వని పైలట్ ఆ సంగతి చెప్పలేదు, ఈ మధ్య చూపు కొంత పట్టుకుంటుంది.

రైతులు ఎలాగూ మధ్యలోనే తేడా ఎంతని అడుగుతారు, మీ వాళ్లకూ ఆత్రం ఉంటుంది. అయినా గుంపులు తెరిచి సగటులు పోల్చకూడదు. ఒకసారి తెరిస్తే 5 శాతం అనుకున్న పొరపాటు 5 శాతంగా ఉండదు. పైలట్‌లోని 12 ఆవుల్ని కూడా అసలు ప్రయోగంలో కలపకండి. వాటికి చీటీ పడలేదు, వాటి అంకెల్ని చూసే సంఖ్య నిర్ణయించారు.

ప్రతిపాదనలో రాసే పేరా

ఎథిక్స్ కమిటీ గానీ, నిధులిచ్చేవాళ్లు గానీ చదివి తామే లెక్క వేసి చూసుకోగలిగేలా ఇది ఉండాలి. ఈ ఉదాహరణకు ఇలా రాయవచ్చు:

"ప్రధాన కొలత ఏడో వారంలో రోజువారీ సగటు పాలు, లీటర్లలో. రైతులతో, పశువైద్యులతో మాట్లాడి నిర్ణయించిన కనీస తేడా 0.75 లీటర్లు. ఇవే మండలాల్లో, ఇవే అర్హత నియమాలతో, ఇంటికి ఒకటి చొప్పున 12 ఆవులపై జరిపిన పైలట్‌లో మొదటి వారం పాలకు సవరించాక మిగిలిన వేరియెన్స్ 1.19, స్వాతంత్ర్య పరిమితులు 10. పైలట్ చిన్నది కాబట్టి దాని 80 శాతపు ఏకపక్ష పై హద్దు 1.93 వాడాం. రెండు వైపుల 5 శాతం పొరపాటు, 80 శాతం పవర్‌కు, ఆంకోవా విశ్లేషణతో గుంపుకు 55 ఆవులు కావాలి. 15 శాతం మధ్యలో తగ్గుతాయని తీసుకుని గుంపుకు 65, మొత్తం 130 ఆవులు చేర్చుతాం. 60 ఆవుల కొలత ముగిశాక గుంపులు తెరవకుండా వేరియెన్స్ మళ్లీ అంచనా వేసి, అవసరమైతే సంఖ్య పెంచుతాం, తగ్గించం. పైలట్ ఆవుల సమాచారాన్ని ప్రధాన విశ్లేషణలో కలపం."